ఉక్కపోతలో నిలిచే కంటి గీత ఏది?

జంగారెడ్డిగూడెంలో మే నెల ఎండను తట్టుకున్న ఐలైనర్ శ్రావణమాసంలో చేతులెత్తేస్తుంది. మొదటిసారి వినేవాళ్లకు ఇది తలకిందుల మాటగా తోస్తుంది. మేలో నలభై డిగ్రీలు దాటినా గీత నిలబడి, ఆగస్టులో ముప్పైరెండు, ముప్పైమూడుకే కంటి కింద నల్లగా పాకుతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ కారణం వేడిలో లేదు, గాలిలో ఉన్న తేమలో ఉంది. ఇది మెట్ట ప్రాంతం. పొగాకు, పామాయిల్ తోటల మధ్య ఉన్న ఊరు. పడమటి వడగాలి వీచే రోజుల్లో ఇక్కడ చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది. ముఖం మండుతుంది కానీ తడవదు. వానలు పడ్డాక గోదావరి వైపు నుంచి వచ్చే గాలి నీటితో బరువెక్కి ఉంటుంది. చెమట ఆరడానికి దానిలో చోటుండదు. నుదుటి మీద పుట్టిన చుక్క కనుబొమ దాటి రెప్ప మీదికి, రెప్ప మడత నుంచి గీత మీదికి దిగుతుంది. సరిగ్గా ఈ నెలలోనే వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు, పేరంటాలు. ఫ్యాన్సీ షాపులో అమ్మాయిలు అడిగే ప్రశ్న కూడా అందుకే ఏటా ఒక్కటే: "అక్కా, ఇది చెదరదు కదా?"

షాపులో దొరికే జవాబు "వాటర్‌ప్రూఫ్" అన్న ముద్ర. ఆ ముద్ర అబద్ధం కాదు, కాని సగం నిజం. రెప్ప మీది గీతకు శత్రువులు ఇద్దరు. ఒకటి చెమట, కన్నీరు, అంటే నీరు. రెండోది జిడ్డు. రెప్ప చర్మం నుంచి ఊరే నూనె, రెప్ప అంచున ఉండే గ్రంథులు విడిచే నూనె, మనం పొద్దున రాసుకున్న క్రీము, తలనూనె, అన్నీ కలిసి జిడ్డు. మైనంతో చేసిన పెన్సిల్ గీత నీటికి చెక్కుచెదరదు, ఎందుకంటే మైనం నీటిలో కరగదు. అదే మైనం నూనెలో హాయిగా కరుగుతుంది. అందుకే "వాటర్‌ప్రూఫ్" పెన్సిల్ పెట్టుకున్న అమ్మాయి వానలో తడిసినా బాగానే ఉండి, ఉక్కపోతలో నాలుగు గంటలు కూర్చున్నాక కళ్ల కింద మసితో లేస్తుంది. అక్కడ ఓడింది నీటి చేతిలో కాదు, నూనె చేతిలో. "స్మడ్జ్‌ప్రూఫ్" అనేది వేరే హామీ. రాపిడికీ, జిడ్డుకీ ఎంత నిలబడుతుందన్నది చెప్పాల్సిన మాట అదే. కాని ఆ మాటను కంపెనీలు చాలా ఉదారంగా వాడుతున్నాయి.

ఈ ప్రశ్నను పెన్సిలా, జెల్లా, లిక్విడా, కాటుకా అని పేర్ల మీద నడిపితే తేలదని నా అభిప్రాయం. ఒకే పేరుతో పూర్తిగా భిన్నమైన సరుకులు అమ్ముడవుతున్నాయి. అడగాల్సింది ఒక్కటే: రెప్ప మీద పెట్టాక ఇది ఆరి గట్టిపడుతుందా, లేక పెట్టినప్పుడు ఎంత మెత్తగా ఉందో రాత్రి వరకూ అంతే మెత్తగా ఉంటుందా? గోడకు పూసిన రంగు ఆరినట్టు ఆరి, పలచని పొరగా బిగుసుకునేవి ఒక జాతి. ఎప్పటికీ ఆరనివి ఇంకో జాతి. తేమ కాలంలో గెలుపోటములు చాలావరకు ఈ ఒక్క తేడా మీదే తేలిపోతాయి.

ఆరని జాతికి పెద్దక్క కాటుక. ఇంట్లో చేసే పద్ధతి ఈ జిల్లా పెద్దవాళ్లకు ఇప్పటికీ తెలుసు. గుంటగలగర ఆకు పసరులో పల్చటి నూలు గుడ్డ తడిపి, నీడలో ఆరబెట్టి, వత్తి చేస్తారు. ఆముదం పోసిన ప్రమిదలో వెలిగిస్తారు. రెండు వైపులా గిన్నెలు ఆనిచ్చి, మీద ఇత్తడి పళ్లెమో రాగి పళ్లెమో బోర్లిస్తారు. పళ్లేనికి లోపలివైపు కొందరు గంధం పూస్తారు. రాత్రంతా దీపం వెలిగితే తెల్లారేసరికి పళ్లెం అడుగున మెత్తని మసి పడుతుంది. దాన్ని గీకి, చుక్క ఆముదమో, కాస్త నెయ్యో కలిపి రంగరించి భరిణెలో పెడతారు. రంగు విషయానికొస్తే దీన్ని మించిన నలుపు ఏ షాపులోనూ లేదు. ఆ మసి అతి సన్నని కర్బన కణాలు. అది నీటిలో కరగదు, నూనెలోనూ కరగదు, వెలిసిపోదు.

తంటా అంతా ఆ కణాలను పట్టి ఉంచే దానితో. ఆముదం ఎన్నాళ్లు గాలిలో ఉంచినా ఆరి గట్టిపడని నూనె. అవిసె నూనెలా అది పొర కట్టదు. నెయ్యి ఒంటి వేడికే కరిగిపోతుంది. కాబట్టి కంటికి పెట్టుకున్న కాటుక నిజానికి నూనెలో తేలుతున్న మసి. చలికాలంలో, పొడి గాలిలో అది పెట్టిన చోటే ఉంటుంది. ఉక్కపోతలో దానికి రెప్ప జిడ్డు తోడై మరింత పలచనవుతుంది. కణాలు రెప్ప ముడతల వెంట కిందికి దిగుతాయి. మన అమ్మమ్మలు దీన్ని లోపమని అనుకోలేదు. కాటుక కాస్త పాకితే కళ్లు పెద్దవిగా, నిండుగా కనిపిస్తాయని ఇష్టపడ్డారు. పాకింది కొంగు అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. సన్నని పదునైన గీత రోజంతా అలాగే ఉండాలన్న కోరిక కెమెరాల కాలానిది. ఆ కోరికను కాటుక తీర్చలేదు. ఇది దాని తప్పు కాదు, దాని పని వేరు.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. కాటుక వేరు, సుర్మా వేరు. సంప్రదాయ సుర్మాలో చాలా రకాలు సీసపు ఖనిజాన్ని నూరి చేసినవి. సీసం చేతులకు అంటి నోట్లోకి పోయి, కంటి నీటి ద్వారా లోపలికి చేరి, ముఖ్యంగా పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. మన దేశ చట్టం రంగు కోసం సీసపు, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడి సౌందర్య సాధనాలు తయారు చేయడాన్ని నిషేధించింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆ రకం సుర్మాను సౌందర్య సాధనాల్లో రంగుగా అనుమతించదు. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు లేని మెరిసే నల్లపొడి జాతరలో ఎంత చవగ్గా దొరికినా కొనవద్దు. ఇంటి కాటుకలో సీసం భయం లేకపోయినా, పసిబిడ్డ కళ్లలో వేలితో కాటుక పెట్టవద్దని పిల్లల డాక్టర్లు చెబుతున్నది వేలి మురికి గురించి, కన్నీటి నాళం మూసుకుపోవడం గురించి. దిష్టి చుక్కకు బుగ్గ ఉంది, అరికాలు ఉంది, కన్నే కావాలని లేదు.

పెన్సిల్ దగ్గర పేర్ల గందరగోళం మొదలవుతుంది. ఇవాళ షాపులో "కాజల్" అని అడిగితే చేతికొచ్చేది చాలావరకు కాటుక కాదు, మైనపు కడ్డీ. చెక్కించుకునేదైనా, కింద తిప్పితే పైకి వచ్చేదైనా లోపల ఉన్నది మైనాలు, నూనెలు, నల్ల రంగు. పాతకాలపు మెత్తని పెన్సిల్‌లో అంతకుమించి ఏమీ ఉండదు. కాబట్టి అది ఆరదు. చేతికి గీసి పది నిమిషాల తర్వాత వేలితో రుద్దితే మొదటి నిమిషంలో ఎలా పాకిందో అప్పుడూ అలాగే పాకుతుంది. దీనిలో ఒక సుగుణం ఉంది. తప్పు గీస్తే దిద్దుకోవచ్చు, వేలితో పొగలా పరచవచ్చు. ఉక్కపోతలో ఆ సుగుణమే శాపం.

"లాంగ్ వేర్", "ట్వెల్వ్ అవర్", "జెల్ పెన్సిల్" అని వచ్చే రెండో రకం వేరు. వీటి మైనంలో రెండు కొత్త సరుకులు కలుస్తాయి. ఒకటి గాలికి ఎగిరిపోయే ద్రవం, లేబుల్ మీద ఐసోడోడెకేన్ అనో సైక్లోపెంటాసిలోక్సేన్ అనో ఉంటుంది. రెండోది గట్టి పొర కట్టే సిలికాన్ బంక, ట్రైమిథైల్‌సిలాక్సిసిలికేట్ అనే పొడవాటి పేరు. గీసిన అర నిమిషం నుంచి రెండు నిమిషాల్లోపు ద్రవం ఎగిరిపోతుంది, బంక రంగును పట్టుకుని రెప్పకు అతుక్కుంటుంది. అప్పటివరకు మాత్రమే దిద్దుకునే వీలు. ఆ తర్వాత వేలు రుద్దితే చేతికి అంటదు. పెన్సిల్ కొనేటప్పుడు కంపెనీ పేరు కన్నా ముందు ఈ రెండు పేర్లు లేబుల్ మీద ఉన్నాయో లేదో చూడటం మేలు. ఇలాంటి పెన్సిల్ మూత బిగుతుగా ఉండాలి. మూత వదులైతే ద్రవం కొనకముందే ఎగిరిపోయి, పెన్సిల్ రాయిలా అయి రెప్పను గీరుతుంది. మనవైపు ఎండలకు తిప్పే కాజల్ పెట్టెలోనే మెత్తబడి విరుగుతుంది. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లకు మించి పైకి తిప్పకూడదు. చెక్కే పెన్సిల్‌ను పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి చెక్కితే మొన చెదరదు.

జెల్ లైనర్ అన్నది ఈ రెండో రకం పెన్సిల్‌కు అక్క లాంటిది. చిన్న గాజు గిన్నెలో ఉంటుంది, సన్నని బ్రష్‌తో పెట్టాలి. పేరుకు జెల్ అయినా చాలావాటిలో నీరు ఉండదు. అదే ఎగిరిపోయే ద్రవం, అదే సిలికాన్ బంక, కాస్త మైనం, చిక్కదనానికి ఒక రకం మట్టి. పెన్సిల్ కన్నా మైనం తక్కువ, బంక ఎక్కువ. కాబట్టి పొర ఇంకా గట్టిది, నలుపు ఇంకా నిండు. రెప్ప వెంట్రుకల మధ్య సందుల్లోకి బ్రష్ కొసతో తోయగలగడం దీనికి మాత్రమే ఉన్న వరం.

జెల్‌కూ ఆరే పెన్సిల్‌కూ తేమ కాలంలో ఒక పెద్ద లాభం ఉంది, దీన్ని ఎవరూ సరిగా చెప్పరు. వాటిలోంచి ఎగిరిపోయేది నీరు కాదు. గాలి ఎంత నీటిని మోస్తున్నా ఆ ద్రవం ఎగరడానికి దాదాపు అడ్డు రాదు. మేలో ఎంత సేపట్లో ఆరుతుందో శ్రావణంలోనూ ఇంచుమించు అంతే సేపట్లో ఆరుతుంది. చెమట, వాన, కన్నీరు అనే మొదటి శత్రువును ఇవి బాగా ఎదుర్కొంటాయి. రెండో శత్రువు ముందు మాత్రం మోస్తరు. జిడ్డు రెప్పల మీద మైనం పాలు కొద్దిగా కొద్దిగా మెత్తబడి, కళ్లు తెరిచినప్పుడు పై రెప్ప మడతలో గీత అచ్చు పడుతుంది. దానికి మందు పొడి. గీత ఆరాక దాని మీద మెరుపు లేని నల్ల ఐషాడోను సన్నని బ్రష్‌తో అద్దితే పొడి జిడ్డును కొంతసేపు పీల్చుకుంటుంది. పీల్చుకునే శక్తి అయిపోయాక మళ్లీ అదే కథ. జెల్ గిన్నె విషయంలో ఇంకోటి. మూత తీసి పెట్టి తీరిగ్గా గీసుకుంటే గిన్నెలోని ద్రవమే ఎగిరిపోతుంది. బ్రష్‌కు కొంచెం తీసుకుని వెంటనే మూత బిగించాలి. గడ్డకట్టిన జెల్‌లో నీళ్లు కలిపి మెత్తబరచాలని చూడటం దండగే కాదు, సూక్ష్మజీవులకు విందు.

లిక్విడ్ లైనర్‌లో చాలావాటికి ఆధారం నీరు. నీటిలో నల్ల రంగు, పొర కట్టే ప్లాస్టిక్ లాంటి పదార్థం కలిసి ఉంటాయి. నీరు ఆరిపోగానే పొర బిగుస్తుంది. ఆ పొర ఏ పదార్థంతో అన్నదాన్ని బట్టి లిక్విడ్ లైనర్లు రెండు లోకాలు. లేబుల్ మీద అక్రిలేట్స్ కోపాలిమర్ అనో, స్టైరీన్ అక్రిలేట్స్ అనో ఉంటే అది ఆరాక నీటిలో తిరిగి కరగదు, నూనెకూ తేలిగ్గా లొంగదు. అంటే ఇద్దరు శత్రువులనూ నిలువరించేది నాలుగింటిలో ఇదొక్కటే. పొర కట్టేది పీవీపీ ఒక్కటే అయితే జాగ్రత్త. పీవీపీ గాలిలోని తేమను తనంతట తాను పీల్చుకుంటుంది. ఎండాకాలంలో బాగా పనిచేసిన చవక లిక్విడ్ లైనర్ శ్రావణంలో జిగటగా మారి రెప్ప మడతకు అంటుకుందంటే చాలాసార్లు దోషం అదే. నీటి చుక్క వేలితో అద్ది చూస్తే సిరాలా కారిపోతుంది.

మంచి అక్రిలేట్ లిక్విడ్‌కూ తేమ కాలంలో ఒక బలహీనత ఉంది. దానిలో ఆరాల్సింది నీరే. గాలి అప్పటికే నీటితో నిండి ఉంటే ఆరడం ఆలస్యమవుతుంది. సీసా మీద "నిమిషంలో ఆరుతుంది" అని రాసి ఉన్నా, ఉక్కపోత సాయంత్రం ఫ్యాన్ లేని గదిలో రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ లోపు కళ్లు పూర్తిగా తెరిస్తే పై మడతలో రెండో గీత పడుతుంది. దాన్ని తుడవబోతే మొదటిదీ పోతుంది. ఆరాక కూడా ఈ పొర విరిగితే పెచ్చులుగా రాలుతుందే తప్ప పాకదు. పెచ్చులు రాలుతున్నాయంటే కింద క్రీము ఎక్కువైందని, లేదా గీత మీద గీత దట్టంగా వేశారని అర్థం. స్కెచ్ పెన్నులా ఉండే లైనర్‌లో ఉన్నదీ లిక్విడే. చేయి వణికేవారికి అది సులువు. కాని దాని సిరా పలచన, పొర సన్నన. కొన నిలువుగా మూతి పైకి పెట్టి దాస్తే సిరా వెనక్కి పోయి గీత బూడిద రంగులో పడుతుంది. పడుకోబెట్టి దాచాలి.

ఇంతవరకు చెప్పిందంతా రెప్ప వెంట్రుకలకు బయటి వైపు గీత గురించి. తెలుగు అమ్మాయిల్లో చాలామందికి కంటి గీత అంటే కింది రెప్ప లోపలి తడి అంచు. అక్కడ లెక్క మారిపోతుంది. ఆ అంచు ఎప్పుడూ ఆరదు. నిమిషానికి దాదాపు 15 సార్లు కన్ను మూసి తెరిచినప్పుడల్లా కన్నీరు దాన్ని కడుగుతుంది. అదీకాక నూనె గ్రంథుల నోళ్లు సరిగ్గా అక్కడే ఉంటాయి, కింది రెప్పలో 20 నుంచి 30, పై రెప్పలో 25 నుంచి 40. కన్నీరు త్వరగా ఆరిపోకుండా దాని మీద నూనె పొర పరచడం వాటి పని. అంటే ఇద్దరు శత్రువులూ పుట్టే చోటే మనం గీత గీస్తున్నాం. లిక్విడ్ అక్కడ పెట్టనే కూడదు, మంట పుడుతుంది, పెచ్చులు కంట్లో పడతాయి. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో అలిసన్ ఎన్‌జీ బృందం 2015లో వెలువరించిన పరిశీలనలో, లోపలి అంచున పెన్సిల్ పెట్టుకున్నవారి కన్నీటి పొరలో, బయట గీసుకున్నప్పటి కన్నా 15 నుంచి 30 శాతం ఎక్కువ రంగు కణాలు తేలాయి. అదీ మొదటి అయిదు నిమిషాల్లోనే. కాంటాక్ట్ లెన్సులు వాడేవారికి ఇది పట్టించుకోవాల్సిన సంగతి. లోపలి అంచున "రోజంతా చెదరదు" అనే మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు. ముందు అంచు మీది తడిని దూది పుల్లతో సున్నితంగా అద్ది, ఆరే రకం పెన్సిల్ పెడితే కొన్ని గంటలు ఉంటుంది. తర్వాత మళ్లీ పెట్టుకోవాలి. అంతకు మించిన ఉపాయం లేదు.

ముద్రలను నమ్మకుండా ఇంట్లోనే తేల్చుకునే పరీక్ష ఒకటి ఉంది. ముంజేతి లోపలి వైపు సబ్బుతో కడిగి తుడిచి, మీ దగ్గరున్న కాటుక, పెన్సిల్, జెల్, లిక్విడ్ పక్కపక్కన ఒక్కొక్క గీత గీయండి. అయిదు నిమిషాలు ఆగండి. మొదట పొడి వేలితో ఒకే ఒత్తిడితో రుద్దండి. కాటుక, మెత్తని పెన్సిల్ ఇక్కడే పాకుతాయి. తర్వాత ఇంకో కొసన నీటి చుక్క వేసి నిమిషం ఆగి అద్దండి. పీవీపీ లిక్విడ్ ఇక్కడ కారుతుంది, మైనం ఉన్నవి నిలుస్తాయి. చివరగా మరో చోట కొబ్బరి నూనె చుక్క వేసి రెండు నిమిషాలు ఆగి దూదితో ఒక్కసారి తుడవండి. మైనం పాలు ఎక్కువున్న పెన్సిల్ చాలావరకు లేచొస్తుంది, జెల్ కొంత పోతుంది, మంచి అక్రిలేట్ లిక్విడ్ చాలావరకు ఉంటుంది. మూడు పరీక్షల్లో దేనిలో ఓడిందో చూస్తే, మీ కంటి దగ్గర అది ఎందుకు ఓడుతుందో తెలిసిపోతుంది. ఈ పరీక్ష వానాకాలంలో, ఏసీ లేని గదిలో చేయాలి.

అన్నిటికన్నా కఠినమైన పరీక్ష శ్రావణంలో రాత్రి ముహూర్తపు పెళ్లికూతురి కళ్లు. సాయంత్రం ఆరింటికి అలంకరణ మొదలైతే తెల్లవారుజామున అప్పగింతల దాకా ఆ గీత ఉండాలి. ఇక్కడ మొదటి ఓటమి పార్లర్ అమ్మాయి బ్రష్ పట్టకముందే జరుగుతుంది. మంగళస్నానానికి నూనె రాసి, నలుగు పెడతారు. ముఖం ఎంత కడిగినా రెప్ప వెంట్రుకల మొదళ్లలో నూనె మిగులుతుంది. దాని మీద ఎంత ఖరీదైన జెల్ పెట్టినా జారుతుంది. కళ్లు మూయించి, ఫేస్‌వాష్ నురుగు దూది పుల్లకు తీసుకుని వెంట్రుకల మొదళ్ల వెంట నడిపి, తడి దూదితో రెండుసార్లు తుడిచి, ఆరనివ్వాలి. రెప్ప మీద మాయిశ్చరైజర్ వద్దు. కన్సీలర్ పెడితే పలచగా ఒక పొర, దాని మీద పొడి అద్ది నొక్కడం.

ఆ తర్వాత ఒక్క సరుకు మీద భారం వేయకుండా రెండింటిని పొరలుగా వేయడం మంచిది. వాలు బ్రష్‌తో జెల్‌ను వెంట్రుకల సందుల్లోకి తోసి, కళ్లు కిందికి చూస్తుండగా నిమిషం ఆగాలి. నల్ల ఐషాడో పొడి అద్దాలి. దాని మీద అక్రిలేట్ లిక్విడ్‌తో ఒకే ఒక సన్నని గీత. మళ్లీ కళ్లు కిందికి, ఈసారి మూడు నిమిషాలు, ఎదురుగా ఫ్యాన్. ముక్కు వైపు మూలలో రెండు మూడు మిల్లీమీటర్లు వదిలేసి మొదలుపెట్టాలి, కన్నీరు ముందు నిండేది అక్కడే. ఈ కూర్పులో తేమ వల్ల ఆలస్యం కాని జెల్ అడుగున పట్టు ఇస్తుంది, జిడ్డుకు లొంగని లిక్విడ్ మీద కప్పుతుంది.

మండపంలో ఏం జరుగుతుందో చూడండి. నుదుటికి కట్టిన బాసికం కింద చెమట చేరి కనుబొమల మీదుగా దిగుతుంది. దాన్ని కనుబొమ దగ్గరే టిష్యూ మడతతో అద్దేయాలి, రెప్ప దాకా రానివ్వకూడదు. తలంబ్రాల బియ్యానికి కళ్లు మూసుకుంటుంది, పొర ఆరి ఉంటే భయం లేదు. హోమం పొగకు కళ్లు నీళ్లు కారుస్తాయి. ఇక్కడ గీతను చెరిపేది నీరు కాదు, దాన్ని తుడిచే చేయి. మడిచిన టిష్యూ అంచును కింది వెంట్రుకల కింద ఆనించి నీటిని పీల్చనిస్తే గీత మిగులుతుంది. జేబురుమాలుతో పక్కకు లాగి తుడిస్తే ఏ గీతా మిగలదు. అందుకే పెళ్లికూతురి పక్కన కూర్చునే తోడిపెళ్లికూతురికి ఈ ఒక్క సంగతి ముందే చెప్పి, చేతిలో టిష్యూలు పెట్టాలి. కింది లోపలి అంచుకు పెన్సిల్ పెట్టి ఉంటే అప్పగింతల ముందు తుడిచేయడం మేలు. ఏడ్చే సమయంలో పాకేది అదే.

తీసేటప్పుడు తొందర పడితే వెంట్రుకలు రాలతాయి. దూదికి కొబ్బరి నూనె అద్ది, మూసిన కంటి మీద అర నిమిషం ఆనించి ఉంచి, అప్పుడు కిందికి జార్చాలి. జెల్, పెన్సిల్ దీనితో వస్తాయి. అక్రిలేట్ గీతకు గోరువెచ్చని నీటి దూదిని కాసేపు ఆనిస్తే పొర వదులై ముక్కలుగా వస్తుంది. చివర ముఖం కడిగి ఆ నూనెను కూడా పోగొట్టాలి, లేకపోతే మర్నాటి గీతకు అదే శత్రువు.

వానాకాలంలో కళ్లకలక గురించి కూడా చెప్పాలి. 2023 జులై, ఆగస్టుల్లో తెలుగు రాష్ట్రాల్లో అది ఎంతగా పాకిందో గుర్తుంది కదా. పేరంటంలో ఒకే కాజల్ చేతులు మారడం మనకు మామూలు, చనువుకు గుర్తు. ఆ నెలల్లో ఆ చనువు వద్దు. పార్లర్‌లో జెల్‌ను గిన్నెలోంచి శుభ్రమైన చెంచాతో పలక మీదికి తీసి అక్కడినుంచి వాడమని అడగండి. పెన్సిల్‌ను ప్రతి మనిషికీ చెక్కమనండి. చెక్కడానికి వీల్లేని తిప్పే కాజల్‌ను, లిక్విడ్ బ్రష్‌ను ఇతరుల కంటికి వాడినవి ఒప్పుకోకండి. కళ్లకలక వచ్చి తగ్గినవారు అంతకుముందు వాడిన కంటి సరుకంతా పారేయాలి. నీరున్న లిక్విడ్‌ను తెరిచాక ఆరు నెలలు దాటి ఉంచవద్దు. డబ్బా మీద మూత తెరిచిన గిన్నె బొమ్మలో ఉండే అంకె చెప్పేది ఆ గడువే.

తీర్పు అడిగితే నాది ఇది. శ్రావణం నుంచి ఆశ్వయుజం దాకా, పై రెప్పకు జిడ్డు ఎక్కువున్నవారు, రెప్ప మడత బాగా కిందికి వాలినవారు అక్రిలేట్ ఉన్న లిక్విడ్ కొనాలి, మూడు నిమిషాలు ఓపిక పట్టాలి. జిడ్డు తక్కువైతే, లేదా గీత దిద్దుకోవడం అలవాటు లేకపోతే, ఆరే రకం పెన్సిల్ చాలు, మీద పొడి అద్దితే సరి. జెల్ పెళ్లికీ, ఫోటోలకీ, బ్రష్ చేయి తిరిగినవారికీ. లోపలి అంచు కావాలనుకునేవారు ఆరే పెన్సిల్ సంచిలో వెంట తీసుకెళ్లాలి. ఇంటి కాటుకను సంక్రాంతి చలికి దాచుకోండి. ఒక్కటే కొనే డబ్బుంటే ఆరే పెన్సిల్ కొనండి, కాని డబ్బు ఇచ్చేముందు షాపులోనే చేతి మీద గీసి, రెండు నిమిషాలు ఆగి, రుద్ది చూసి కొనండి.